పసుపు గ్లాసు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్స్ ప్రాజెక్టుకి "పాలు, మసాలా పొడుల్లో కల్తీని ఇంట్లో కనిపెట్టడం" అనే అంశం తీసుకుంది. వీడియోలు చూస్తే ఒకరు యాసిడ్ పోయమంటారు, ఇంకొకరు సబ్బు పొడి కలపమంటారు. నాకు యాసిడ్ అంటే భయం. నిన్న మేం వాడే పసుపు ఒక చెంచా నీళ్లలో వేస్తే నీళ్లు పచ్చబడ్డాయి. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. ఇది కల్తీయేనా? ప్రమాదం లేని వస్తువులతో ఏ పరీక్షలు చేయొచ్చు? వాటిని ఎంతవరకు నమ్మొచ్చు?
— ఒక అమ్మ

సమాధానం:

అమ్మా, నీళ్లు పచ్చబడినంత మాత్రాన పసుపు కల్తీదని చెప్పలేం. మంచి పసుపు వేసినా నీళ్లు ఎంతో కొంత పచ్చబడతాయి. అలాగని మీ పసుపు మంచిదేనని కూడా నేను చెప్పలేను, ఎందుకంటే మీ ముందు ఉన్నది ఒక్కటే గ్లాసు. దాన్ని పక్కన పెట్టి పోల్చడానికి ఇంకో రెండు గ్లాసులు కావాలి. ఒకదాంట్లో మంచిదని మీకు కచ్చితంగా తెలిసిన పసుపు, రెండోదాంట్లో మీరే చేతులారా రంగు కలిపిన పసుపు ఉండాలి. ఈ రెండింటి మధ్య పెట్టి చూస్తేనే మీ గ్లాసు దేనికి దగ్గరగా ఉందో తెలుస్తుంది. మీ అమ్మాయి ప్రాజెక్టు మొత్తాన్ని ఈ ఒక్క పద్ధతి మీద నిలబెట్టమని నా సలహా. పది పరీక్షలు పైపైన చేసి చార్టు నింపడం కన్నా రెండు పరీక్షలు ఇలా చేయడం మేలు.

ముందు పసుపు సంగతే చూద్దాం.

పసుపుకి రంగునిచ్చేది కుర్కుమిన్. అది నూనెలో, ఆల్కహాలులో బాగా కరుగుతుంది గానీ మామూలు నీళ్లలో దాదాపుగా కరగదు. కల్తీకి వాడే మెటానిల్ యెల్లో లాంటి రంగులు నీళ్లలో ఇట్టే కరిగిపోతాయి. గ్లాసు పరీక్షకు ఆధారం ఈ తేడానే. చిక్కల్లా ఏమిటంటే, పసుపు మెత్తటి పొడి కాబట్టి దాని నలుసులు చాలాసేపు నీళ్లలో తేలుతూ ఉంటాయి. కంటికి అది కూడా పచ్చటి నీళ్లలాగే కనిపిస్తుంది. కరిగిన రంగూ తేలే నలుసులూ ఒకేలా కనిపించడం వల్లే ఇన్ని ఇళ్లలో ఇంత గాబరా. వేడినీళ్లు పోసినా, చెంచాతో తిప్పినా ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది.

కాబట్టి ఇలా చేయించండి. ఒకే రకం గాజు గ్లాసులు మూడు తీసుకుని ఒక్కోదాంట్లో 200 మి.లీ. మామూలు నీళ్లు పోయాలి. ఒక్కో గ్లాసులో ఒక చెంచా పసుపు, అంచుకి సమానంగా గీసి కొలిచినది, పైన చల్లాలి. తిప్పకూడదు, కదపకూడదు. గ్లాసుల వెనక తెల్ల కాగితం నిలబెట్టి 20 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత పై నీళ్లను మెల్లగా మరో గ్లాసులోకి వడకట్టాలి. కాఫీ వడపోత కాగితం గానీ, నాలుగు మడతలు వేసిన తెల్ల టిష్యూ గానీ సరిపోతుంది. నలుసులు కాగితం మీద నిలిచిపోతాయి, కరిగిన రంగు మాత్రం కిందికి దిగుతుంది. చూడాల్సింది కిందికి దిగిన ఆ నీళ్లనే. చాలామంది ఈ వడపోత చేయరు. మీ టెన్షన్‌లో సగం దీంతోనే తీరిపోతుంది.

రంగు కలిపిన గ్లాసు కోసం వంటల్లో వేసే పసుపు రంగు ఫుడ్ కలర్ వాడండి. మెటానిల్ యెల్లో ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతకొద్దు, బట్టల రంగులు వద్దు, పెయింట్లు అసలే వద్దు. ఫుడ్ కలర్ కూడా నీళ్లలో కరిగేదే కాబట్టి ఈ పరీక్షలో అది మెటానిల్ యెల్లో లాగే ప్రవర్తిస్తుంది, పిల్లల చేతుల్లో ప్రమాదం ఉండదు. పది చెంచాల పసుపులో పావు చెంచా ఫుడ్ కలర్ పొడి వేసి, మూతపెట్టిన డబ్బాలో బాగా కుదిపితే చాలు. ఆ పొడిలోంచి ఒక చెంచా నీళ్ల మీద చల్లగానే రంగు దారాలుగా కిందికి దిగడం మీ అమ్మాయి కళ్లారా చూస్తుంది. కల్తీ ఉంటే ఎలా కనిపిస్తుందో ఒకసారి చూసిన కంటికి, తర్వాత అనుమానపు గ్లాసును చదవడం తేలిక.

మంచి పసుపు గ్లాసు దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. కొమ్ములు కొని దంచుకుంటే చాలు, అది శుద్ధమైనదే అనుకుంటాం. కానీ రంగును పొడిలోనే కాదు, కొమ్ముల మీద కూడా పూస్తారు. అందుకని ప్రాజెక్టు వరకు పచ్చి పసుపు దుంపలు తెచ్చుకుని కడిగి, ఉడికించి, పలచటి ముక్కలుగా కోసి, బాగా ఎండబెట్టి మిక్సీలో పొడి చేయండి. రంగు కొట్టొచ్చినట్టు లేకపోయినా దిగులుపడక్కర్లేదు. వేరేవాళ్ల చెయ్యి పడని పసుపు మీకు అదొక్కటే. పొడిని మీరు బయట కొన్న పసుపంత మెత్తగా జల్లించండి, లేకపోతే పోలిక సరిగా రాదు.

ఇప్పుడు యాసిడ్ మాట. ఆ వీడియోల్లో చూపించేది గాఢమైన హైడ్రోక్లోరిక్ యాసిడ్. అందులో మెటానిల్ యెల్లో గులాబీ, ఊదా ఛాయలోకి మారే మాట నిజమే. కానీ అది ప్రయోగశాలలో, కళ్లద్దాలు, చేతి తొడుగులు, గాలి లాగే ఏర్పాటు ఉన్నచోట చేసే పని. ఇంట్లో వద్దు. బాత్రూమ్ కడిగే యాసిడ్ దానికి బదులుగా అసలే వద్దు. నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో సరిపెడదామా అంటే, ఆ రంగు మారడానికి ఇంకా గట్టి ఆమ్లం కావాలి. నిమ్మరసం వేసి "రంగు మారలేదు, కాబట్టి మంచిదే" అని రాస్తే అది తప్పుడు ఫలితం అవుతుంది. సబ్బు పొడి వీడియోల కథ ఇంకో రకం. సబ్బు నీళ్లు, సున్నం, వంట సోడా లాంటివి తగిలితే పసుపు ఎర్రబడుతుంది. అది కుర్కుమిన్ స్వభావం. మంచి పసుపే అలా ఎర్రబడుతుంది, కాబట్టి దాన్ని కల్తీకి గుర్తుగా చూపించే వీడియోను పక్కన పెట్టేయండి.

ఇంతకన్నా పెద్ద విషయం ఒకటుంది. గ్లాసు పరీక్షలో మీ పసుపు నెగ్గిందనుకుందాం. వడకట్టిన నీళ్లలో రంగు దాదాపు లేదు. అప్పుడైనా అది పూర్తిగా మంచిదని రాయొచ్చా? రాయకూడదు. పసుపులో కలిపే వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉన్న పచ్చటి రంగు. అది నీళ్లలో కరగదు. పైగా బరువైనది కాబట్టి పసుపుతో పాటే చక్కగా అడుక్కి దిగిపోతుంది. నీళ్లు తేటగా ఉంటాయి, మనసు కుదుటపడుతుంది, సీసం మాత్రం పొడిలోనే ఉంటుంది. ఇంటి గ్లాసు ఈ పరీక్షలో పట్టుకునేది నీళ్లలో కరిగే రంగుల్ని మాత్రమే.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడి నుంచి వస్తోందని వెతికిన పరిశోధకులు, దానికి ముఖ్య మూలం పసుపేనని 2019లో ప్రచురించారు. కొమ్ములు మెరుగుపెట్టే దశలో మెరుపు కోసం లెడ్ క్రోమేట్ పూస్తున్నారని తేలింది. ఆ ఏడాది మార్కెట్ల నుంచి తెచ్చిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. తర్వాత ప్రభుత్వం దాడులు చేసింది, ప్రజలకు హెచ్చరికలు ఇచ్చింది, చేత్తో పట్టుకునే ఎక్స్‌-రే పరికరాలతో మార్కెట్లోనే పసుపును పరీక్షించింది. 2021కి ఆ మార్కెట్ల నమూనాల్లో సీసం ఉన్నది ఒక్కటీ దొరకలేదు. పసుపులో సీసాన్ని పట్టుకున్నది ఆ పరికరాలే, నీళ్ల గ్లాసు కాదు. మీ అమ్మాయి ప్రాజెక్టులో "ఈ పరీక్ష దేన్ని పట్టుకోలేదు" అనే ఒక పేజీ ఉండాలని నేను గట్టిగా కోరుకునేది ఇందుకే. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దాన్ని పట్టుకోలేని పరీక్ష చూపించి నలుగురికీ ధైర్యం చెప్పకూడదు.

కారం పొడికీ ఇదే లెక్క వర్తిస్తుంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. మిరప ఎరుపు కూడా నూనెలో కరిగేదే, నీళ్లలో కాదు. గ్లాసు నీళ్ల మీద అర చెంచా కారం చల్లితే మంచి కారం కాసేపు తేలుతుంది, తడిశాక మెల్లగా దిగుతుంది. నీళ్లలో కరిగే రంగు కలిస్తే ఎర్రటి గీతలు వెంటనే కిందికి జారతాయి. ఇక్కడ కూడా పోలికకు ఇంట్లో ఎండు మిరపకాయల తొడిమలు తీసి దంచుకున్న కారం, ఎర్ర ఫుడ్ కలర్ కలిపిన కారం పక్కన ఉండాలి. ఇటుక పొడి సంగతి తేల్చాలంటే, అరగంట ఆగి పై నీళ్లు మెల్లగా వంపేసి అడుగున మిగిలినదాన్ని పాత చెంచా వెనక భాగంతో గ్లాసు అడుక్కి రుద్దాలి. మిరప మెత్తగా జారుతుంది. ఇటుక, ఇసుక అయితే గరగరమంటూ రాపిడి తెలుస్తుంది. వేళ్లతో రుద్దకండి, కారం చేతులు కళ్లలో పెట్టుకునే వయసు పిల్లలది. ఇక్కడా ఒక హద్దుంది. సుడాన్ రంగులు అనేవి మిరప ఎరుపులాగే నూనెలో కరుగుతాయి, నీళ్లలో కరగవు. 2005లో బ్రిటన్‌లో సుడాన్ రంగు కలిసిన కారం ఒక సాస్‌లోకి, ఆ సాస్ నుంచి వందల రకాల ఆహార పదార్థాల్లోకి చేరింది, వాటన్నిటినీ దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ కారాన్ని నీళ్లలో చల్లినా గీతలు దిగవు.

పాల దగ్గరికి వస్తే, ఇంట్లో నమ్మకంగా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. పిండి పదార్థం కలిపారేమో చూసే అయోడిన్ పరీక్ష అది. పాలలో నీళ్లు కలిపాక పలచబడ్డట్టు కనిపించకుండా గంజి పొడో మరో పిండో కలుపుతారు. పాలలో సహజంగా పిండి పదార్థం ఉండదు కాబట్టి, అది కనిపించిందంటే ఎవరో కలిపినట్టే. ప్రాజెక్టులో ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి.

మందుల షాపులో గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్ ద్రావణం దొరుకుతుంది. ఆయింట్‌మెంట్ వద్దు, చేతులు కడుక్కునే నురగ రకమూ వద్దు, మామూలు ద్రావణమే కావాలి. అది చాలా ముదురు గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పలచటి టీ డికాషన్ రంగుకి తెచ్చుకోవాలి. ముదురుగా వేస్తే గోధుమ రంగే అన్నిటినీ కప్పేసి లేత నీలం కనిపించదు.

పాలను ముందు మరిగించాలి. పచ్చి పిండి రేణువులు గట్టిగా మూసుకుని ఉంటాయి. మరిగితే అవి ఉబ్బి పగిలి, లోపలి పదార్థం బయటికి వచ్చి అయోడిన్‌కి అందుతుంది. ఆ తర్వాత పూర్తిగా చల్లారనివ్వాలి. పిండి, అయోడిన్ కలిసి ఇచ్చే నీలం వేడిలో నిలవదు. చాలామందికి పరీక్ష తప్పేది ఇక్కడే. వేడి పాలలో అయోడిన్ వేసి, ఏమీ రాలేదని పారబోస్తారు. అవే పాలు చల్లారి ఉంటే నీలం కనిపించేది. చల్లారిన పాలు 5 మి.లీ. చిన్న పారదర్శకమైన గిన్నెలో పోసి, పలచన చేసిన అయోడిన్ ఐదు చుక్కలు వేసి కదిపి, తెల్ల కాగితం మీద పెట్టి చూడాలి. పిండి లేకపోతే లేత పసుపో గోధుమో ఛాయ వస్తుంది. పిండి ఉంటే నీలం, ఎక్కువగా ఉంటే నలుపు కలిసిన నీలం. పాలలోని ప్రొటీన్ కొంత అయోడిన్‌ని పట్టేసుకుంటుంది కాబట్టి మొదటి చుక్కల రంగు మాయమైపోవచ్చు. అప్పుడు ఇంకో ఐదు చుక్కలు వేయండి. అన్ని గిన్నెల్లోనూ చుక్కల లెక్క ఒకటే ఉండాలి.

ఇక అసలు ప్రశ్న. ఎంత పిండి ఉంటే ఈ పరీక్ష పట్టుకుంటుంది? ఇంకెవరో రాసిన అంకెను ఎత్తి రాయకుండా మీ అమ్మాయి చేత్తో, మీ ఇంటి వెలుతురులో, మీ అయోడిన్‌తో తేల్చమనండి. మామూలు వంటింటి త్రాసు ఒక గ్రాముని సరిగా తూచలేదు, అందుకని కొంచెం ఎక్కువ తూచి తర్వాత పలచన చేసుకుంటూ పోవాలి. 5 గ్రాముల మొక్కజొన్న పిండిని, అదే కార్న్‌ఫ్లోర్‌ని, 50 మి.లీ. చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న 450 మి.లీ. నీళ్లలో పోసి రెండు నిమిషాలు తిప్పితే ఒక శాతం పిండి ఉన్న గంజి వస్తుంది. ఇది చల్లారాక 10 మి.లీ. తీసి 90 మి.లీ. కాచి చల్లార్చిన పాలలో కలిపితే 0.1 శాతం, అంటే లీటరు పాలలో ఒక గ్రాము పిండి ఉన్నట్టు. దాంట్లోంచి 10 మి.లీ. తీసి మళ్లీ 90 మి.లీ. పాలలో కలిపితే 0.01 శాతం, అంటే లీటరుకి గ్రాములో పదో వంతు. కొలవడానికి సూది లేని 10 మి.లీ. సిరంజి చాలు. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే ముందు సిరంజిని బాగా కడగాలి, లేకపోతే పిండి లేని గిన్నె కూడా నీలంగా మారి తికమక పెడుతుంది.

ఇందుకు వాడే పాలు ముందుగా అయోడిన్ పరీక్షలో నీలం రానివి అయి ఉండాలి. అది మర్చిపోవద్దు.

తర్వాత చేయాల్సింది పేరు తెలియకుండా చేసే పరీక్ష. మీ అమ్మాయి పక్క గదిలో ఉండగా మీరు ఆరు గిన్నెలు సిద్ధం చేయండి. మూడింటిలో మామూలు పాలు, మూడింటిలో 0.1 శాతం పిండి పాలు. గిన్నెల అడుగున గుర్తు రాసి, వరుస మార్చి పెట్టండి. మూడింటిలో పిండి ఉందని మాత్రం తనకు చెప్పండి. తను వచ్చి అన్నిటిలో అయోడిన్ వేసి ఏ మూడో చెప్పాలి. ఊరికే ఊహించి ఆరూ సరిగ్గా చెప్పే అవకాశం 20లో ఒక్క వంతు మాత్రమే, ఎందుకంటే ఆరింటిలోంచి మూడింటిని ఎంచడానికి 20 దారులున్నాయి. ఆరూ సరిగ్గా చెబితే 0.1 శాతాన్ని తన కన్ను పట్టుకుంటోందని ధైర్యంగా రాయొచ్చు. అదే ఆటను 0.01 శాతంతో ఆడండి. ఇక్కడ తడబడి, ఉదాహరణకు పిండి ఉన్న ఒక గిన్నెను లేనిదిగా చెప్పి, లేనిదాన్ని ఉన్నదిగా చెప్పిందనుకోండి. అప్పుడు ఈ పరీక్ష హద్దు ఆ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉందని అర్థం. కావాలంటే 0.05 శాతం కలిపి ఇంకోసారి చూడొచ్చు: ఒక శాతం గంజి 5 మి.లీ., పాలు 95 మి.లీ. ఆ తర్వాత బయట కొన్న పాలలో నీలం రాకపోతే, "లీటరుకి ఒక గ్రాము లేదా అంతకన్నా ఎక్కువ పిండి ఈ పాలలో లేదు" అని రాసే హక్కు తనకి వస్తుంది. పాలు చిక్కగా కనిపించాలంటే లీటరుకి ఒక గ్రాము పిండి ఏ మూలకూ చాలదు, కాబట్టి ఆ వాక్యం చిన్నదైనా విలువైనది.

పాలలో నీళ్ల సంగతి మాత్రం ఇంట్లో అంత సులువుగా తేలదు. ఏటవాలుగా పెట్టిన పళ్లెం మీద పాల చుక్క వేసి, తెల్లటి చార వదిలితే మంచివి, వదలకపోతే నీళ్లు కలిపినవి అంటారు. వెన్న తీసిన పాలు నీళ్లు కలపకపోయినా త్వరగా జారతాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు మెల్లగా జారతాయి, పళ్లెం మీద జిడ్డుంటే ఇంకో రకంగా జారతాయి. ఒకే పాలను, ఒకే వేడిమిలో, మీరే నీళ్లు కలిపి, కలపకుండా పోల్చి చూపించడానికి ఈ పరీక్ష బాగుంటుంది. తెలియని పాల మీద తీర్పు చెప్పడానికి పనికిరాదు.

తూకం వేసి కనిపెట్టొచ్చు కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. లెక్క వేసి చూడండి. లీటరు పాలు సుమారు 1,030 గ్రాములు తూగుతాయి. వాటిలో పదో వంతు నీళ్లు కలిపితే లీటరు 1,027 గ్రాములు అవుతుంది. తేడా 3 గ్రాములే. లీటరు కొలవడంలో ఒక్క శాతం పొరపాటు జరిగినా 10 గ్రాముల తేడా వస్తుంది, అందులో ఈ 3 గ్రాములు కొట్టుకుపోతాయి. అందుకే పాల సాంద్రతను కొలిచే లాక్టోమీటర్ వాడతారు. అది కూడా మోసపోతుంది. వెన్న నీళ్లకన్నా తేలిక కాబట్టి వెన్న తీసేస్తే పాల సాంద్రత పెరుగుతుంది, నీళ్లు కలిపితే తగ్గుతుంది. రెండూ చేస్తే లాక్టోమీటర్ మళ్లీ మామూలు అంకె దగ్గరే నిలబడుతుంది. ఈ లెక్కను చార్టు మీద పెడితే చాలు, చూసినవాళ్లు ఆగి చదువుతారు.

పాలలో సబ్బు పొడి కలిపారేమో చూసే నురగ పరీక్ష ఒక మోస్తరు. 10 మి.లీ. పాలు, అంతే నీళ్లు మూతున్న సీసాలో పోసి కుదిపి, ఐదు నిమిషాలు ఆగాలి. పాల ప్రొటీన్ కూడా నురగనిస్తుంది కాబట్టి నురగ రావడం గుర్తు కాదు. పక్కనున్న మామూలు పాల నురగ కన్నా ఎక్కువ దట్టంగా, ఎక్కువసేపు నిలుస్తోందా అన్నదే చూడాలి. యాంటీబయాటిక్స్, మెలమైన్ అనే రసాయనం లాంటివి ఇంట్లో ఏ పరీక్షకూ దొరకవు. 2008లో చైనాలో పిల్లల పాలపొడిలో మెలమైన్ కలిసి సుమారు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు పసివాళ్లు చనిపోయారు. నీళ్లు కలిపిన పాలలో ప్రొటీన్ ఎక్కువున్నట్టు ప్రయోగశాల లెక్కల్లో కనిపించడానికే దాన్ని కలిపారు. మామూలు ప్రొటీన్ పరీక్ష దాన్ని పట్టలేకపోయింది.

అయోడిన్ చేతికొచ్చాక పిల్లలు కనిపించిన ప్రతిదాంట్లో వేసి చూస్తారు. ఆపక్కర్లేదు గానీ ఒకటి చెప్పి ఉంచండి. పసుపులో వేస్తే నీలం వస్తుంది, ఎందుకంటే పసుపు దుంపలో సహజంగానే పిండి పదార్థం బాగా ఉంటుంది. ఇంగువలో కూడా వస్తుంది. వంటకు అమ్మే ఇంగువలో పిండి కలిపే తయారుచేస్తారు, ఆ మాట డబ్బా మీద రాసే ఉంటుంది. ఇవి కల్తీలు కావు. మిరియాలు నీళ్లలో వేసి తేలినవి బొప్పాయి గింజలు అనేయడం కూడా ఇలాంటిదే. లోపల బోలుగా ఉన్న మిరియాలూ తేలుతాయి. తేలినదాన్ని కోసి చూసి అప్పుడు చెప్పాలి.

జాగ్రత్తలు కొన్నే. పాలు, గంజి మరిగించేది మీరే, తను పక్కన నిలబడి చూస్తే చాలు. అయోడిన్ కలిసినది ఏదీ నోట్లో పెట్టకూడదు, పరీక్ష చేసిన పాలు ఎంత మంచివని తేలినా సింకులో పోయాల్సిందే. అయోడిన్ పడనివాళ్లు ఎవరైనా ఇంట్లో ఉంటే వాళ్లను దూరంగా ఉంచండి. ఆ గిన్నెలు, సిరంజి, చెంచా మళ్లీ వంటింట్లోకి రాకుండా ఒక డబ్బాలో విడిగా పెట్టండి. బట్టల మీద అయోడిన్ మరక పడుతుంది కాబట్టి పాత చొక్కా వేయండి. రంగు కలిపిన పసుపు, కారం డబ్బాల మీద పెద్ద అక్షరాలతో "తినకూడదు" అని రాసి, ప్రాజెక్టు అయిన రోజే పారేయండి. తెలియనివాళ్లు కూరలో వేసేస్తారు.

ఫలితాలు రాసేటప్పుడు "స్వచ్ఛమైనది", "కల్తీది" అనే మాటలు వాడొద్దని తనతో చెప్పండి. "వడకట్టిన నీళ్ల రంగు మేం దుంపల నుంచి చేసుకున్న పసుపుతో సమానంగా ఉంది, నీళ్లలో కరిగే రంగు కనిపించలేదు, సీసం గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు" అని రాస్తే అది సరైన ఫలితం. ప్రతి పరీక్షా కనీసం మూడుసార్లు చేసి, మూడింటి ఫొటోలూ ఒకే వెలుతురులో తీసి అతికించాలి. మూడింటిలో ఒకటి తేడాగా వస్తే దాన్ని దాచకుండా అదీ పెట్టాలి.

ఒకవేళ ఏదైనా నమూనాలో అనుమానం గట్టిపడితే, ముందు మీ పరికరాలనే అనుమానించండి. సిరంజి కడిగారా, చెంచాలు మారిపోయాయా చూసుకుని, అదే సరుకు కొత్త ప్యాకెట్ తెరిచి శుభ్రమైన గిన్నెల్లో మళ్లీ చేయండి. అప్పుడూ అలాగే వస్తే ఆ సరుకు వాడటం ఆపి, మిగిలినదాన్ని ప్యాకెట్‌తో సహా, బ్యాచ్ నంబరు, తేదీ చెరగకుండా గట్టిగా మూసి పెట్టండి. దాన్ని ఆహార భద్రతా విభాగానికి గానీ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు గానీ అప్పగించండి. ప్రాజెక్టు చార్టు మీద మాత్రం దుకాణం పేరూ, కంపెనీ పేరూ రాయొద్దు. నమూనా 1, నమూనా 2 అంటే చాలు. మీ పసుపు గురించి నన్నడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇదే దారిలో దొరుకుతుంది. మూడు గ్లాసులు పెట్టి వడకట్టి చూడండి. నీళ్లలో రంగు దిగితే వాడటం ఆపండి. దిగకపోయినా, కొమ్ముల రంగు మరీ మెరిసిపోతూ, ముట్టుకుంటే చేతికి అంటుతూ ఉంటే, సీసం కోసం ఒకసారి ప్రయోగశాలకు పంపడమే మంచిది, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే మరీ.